దుఃఖంలో 23వ కీర్తన ఎలా చదవాలి: నాలుగో వచనం నుంచి మొదలుపెట్టండి

గుంటూరులోనైనా విజయవాడలోనైనా ఈ కీర్తన కనిపించని వీధి ఉండదు. ఆటో వెనక అద్దం మీద, క్యాలెండర్ మీద, గృహప్రవేశం చేసిన ఇంటి గుమ్మం పైన "యెహోవా నా కాపరి" అని ఉంటుంది. సండే స్కూల్లో పిల్లలకు ముందుగా కంఠతా పట్టించేవాటిలో ఇదొకటి. అందుకే కష్టం వచ్చిన రోజున దీన్ని చదవడం ఒక్కోసారి మరీ కష్టమవుతుంది. నోరు దానంతటదే చదువుకుంటూ పోతుంది, మనసు మాత్రం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంది.

మా వీధిలో ఒక అక్క భర్త పోయారు. మూడో రోజు ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. నన్ను వాక్యం చదవమంటే ఈ కీర్తనే తీశాను. "నాకు లేమి కలుగదు" అనగానే అక్క తలెత్తి చూసింది. అందరూ వెళ్లిపోయాక దగ్గరికి పిలిచి అడిగింది: "తమ్ముడూ, ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మనిషి లేడు. నాకు లేమి కలుగదని నా నోటితో ఎలా అనను? అబద్ధం అవదా?"

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత కొన్ని వారాల పాటు ఆమెతో కూర్చుని ముక్క ముక్కగా చదివాను. అప్పుడు పనికొచ్చిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. ఎవరినైనా పోగొట్టుకుని చదువుతున్నా, ఆసుపత్రి వరండాలో రిపోర్టు కోసం కూర్చుని టెన్షన్‌తో చదువుతున్నా ఇదే పద్ధతి.

ముందుగా చేయాల్సింది ఒకటే. మొదటి వచనాన్ని ఇప్పటికి పక్కన పెట్టండి. తప్పేమీ కాదు, దానికి తరువాత వద్దాం. బైబిల్లో నాలుగో వచనం మీద వేలు పెట్టుకోండి. మనసులో కాకుండా, మీ చెవికి వినపడేంత గొంతుతో చదవండి.

"గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను"

ఇక్కడ "లోయ" అంటే మన అరకు లోయలాంటి పచ్చటి చోటు అనుకోవద్దు. దావీదు గొర్రెలు కాసిన యూదయ కొండల్లో వాన నీళ్లు కోసుకుపోయిన ఇరుకైన గండ్లు ఉంటాయి. రెండు వైపులా నిట్టనిలువు రాతి గోడలు. ఎండ అడుగుదాకా దిగేది రోజులో కాసేపే. మేత కోసం ఒక చోటి నుంచి ఇంకో చోటికి మందను తోలాలంటే అలాంటి గండ్లలోంచి నడవక తప్పదు.

"గాఢాంధకారము" అని తెలుగులోకి వచ్చిన హెబ్రీ మాట "సల్మావెత్". దాన్ని "మరణపు నీడ" అని కూడా చదువుతారు. తెలుగు అనువాదకులు చీకటి అన్న అర్థాన్ని తీసుకున్నారు. నాకైతే అదే మేలనిపిస్తుంది. మరణమే కాదు, మనిషికి ముందు దారి కనిపించని ప్రతి చోటూ ఇందులోకి వస్తుంది. ఐసీయూ తలుపు బయట కుర్చీ, బయాప్సీ రిపోర్టు రావలసిన రోజు, అప్పులవాళ్ల ఫోన్ మోగే రాత్రి.

ఈ ముక్క చదివాక మీ లోయకు ఒక పేరు పెట్టండి. పైకి అనండి, లేదా కాగితం మీద రాయండి. "కష్టాలు" అని మాత్రం రాయొద్దు, అది ఎవరి కష్టమైనా కావచ్చు. అక్క రాసింది ఇది: "సాయంత్రం ఏడున్నరకు గేటు చప్పుడు వినపడకపోవడం." ఆమె లోయ కచ్చితంగా అక్కడ ఉంది.

ఇప్పుడు ఒకసారి వెనక్కి, మూడో వచనం చివరికి చూడండి. "నీతిమార్గములలో నన్ను నడిపించుచున్నాడు" అన్న వెంటనే లోయ వస్తుంది. మధ్యలో దారి తప్పినట్టు ఎక్కడా లేదు. కాపరి నడిపిస్తున్న సరైన దారే ఆ గండిలోంచి వెళుతోంది. "నేనేం పాపం చేశానో నాకీ గతి పట్టింది" అని రాత్రంతా నలిగిపోయేవాళ్లు ఈ వరసను రెండుసార్లు చదవాలి. లోయలో ఉన్నారంటే దారి తప్పారని ఈ కీర్తన అనడం లేదు.

"ఏ అపాయమునకు భయపడను"

ఇక్కడే చాలామందికి తప్పు జరుగుతుంది. భయం వేస్తోంది కాబట్టి నాకు విశ్వాసం లేదనుకుంటారు. ఇంకా ఘోరం, పక్కవాళ్లు వచ్చి "ఏడవకూడదమ్మా, భయపడను అని ఉంది కదా" అంటారు. వాక్యం తెలిసినవాళ్లే అలా అంటుంటే నాకు బాధగా ఉంటుంది. ఈ కీర్తన ఎవరి పేరు మీద ఉందో ఆ దావీదే కొడుకు అబ్షాలోము చనిపోయాడని విని గుమ్మానికి పైగా ఉన్న గదికి ఎక్కిపోతూ కొడుకు పేరు పదే పదే పిలుస్తూ ఏడ్చాడు. యేసు కూడా లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు. దావీదు పేరు మీదే ఉన్న 56వ కీర్తనలో, భయం వేసే రోజున నిన్నే ఆశ్రయిస్తాను అన్న మాట ఉంది. భయం వేసే రోజు ఉంటుందని అక్కడే ఒప్పుకున్నట్టయింది కదా.

కాబట్టి "భయపడను" దగ్గర గొంతు పట్టేస్తే దాన్ని బలవంతంగా మింగి ముందుకు పోవద్దు. ఆగండి. "నాకు భయంగా ఉంది" అని మామూలు మాటల్లో చెప్పండి. తరువాత పక్క ముక్కకు వెళ్లండి. ఎందుకంటే భయపడకపోవడానికి కారణం మీ గుండె ధైర్యం కాదు, ఆ పక్క ముక్కలో ఉన్నది.

"నీవు నాకు తోడై యుందువు"

కీర్తన మొత్తంలో మీకు ఒక్క ముక్కే గుర్తుండే శక్తి ఉంటే, ఇదే గుర్తుంచుకోండి.

మొదటి మూడు వచనాలు మళ్లీ ఒకసారి చూడండి. అక్కడ దేవుడి గురించి మాట్లాడుతున్నాడు: "ఆయన నన్ను పరుండజేయుచున్నాడు, ఆయన సేదదీర్చుచున్నాడు." లోయలోకి దిగగానే "ఆయన" పోయి "నీవు" వచ్చింది. అంటే గట్టున ఉన్నంతసేపు దేవుడి గురించి ఇంకెవరికో చెబుతున్న మనిషి, చీకట్లోకి వచ్చేసరికి పక్కకు తిరిగి ఆయనతోనే మాట్లాడుతున్నాడు. దగ్గర ఉన్నవాళ్లనే కదా నువ్వు అని పిలుస్తాం.

హెబ్రీలో ఈ ముక్క మూడే మాటలు: "కీ అత్తా ఇమ్మాదీ". పైనున్న "దావీదు కీర్తన" అన్న శీర్షిక వదిలేసి లెక్కపెడితే, దీనికి ముందు 26 మాటలు, తరువాత 26 మాటలు ఉంటాయి. సరిగ్గా నడిమధ్యన. నేను వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకున్నాను. రాసినవాడు కావాలని పెట్టాడో, అలా కుదిరిందో నేను చెప్పబోవడం లేదు. కానీ నడుముకు కట్టిన తాడులాగా కీర్తన బరువంతా ఈ మూడు మాటల మీదే ఉంది. నాలుగో వచనం నుంచి మొదలుపెట్టమన్నది ఇందుకే.

రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి గుండె దడగా ఉన్నప్పుడు కీర్తనంతా చదవాలని ప్రయత్నించకండి. ఊపిరి మెల్లగా తీసుకుంటూ "నీవు నాకు" అనండి, వదులుతూ "తోడై యుందువు" అనండి. పది పదిహేనుసార్లు చాలు. దీన్ని మంత్రంలా లెక్క పెట్టుకోవద్దు. ఇది ఒకరిని పిలవడం. మాట తిరుగుతూనే ఉన్నా మనసు ఇంకెక్కడో ఉందని తెలిస్తే, ఆపేసి మీ సొంత మాటల్లో ఒక్క వాక్యం మాట్లాడి మళ్లీ మొదలుపెట్టండి.

"నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును"

ఇవి రెండు వేరు వేరు కర్రలు. దుడ్డుకర్ర పొట్టిగా, లావుగా ఉంటుంది. మృగం మీద పడితే కొట్టడానికి అది. దావీదు తన మంద మీదికి వచ్చిన సింహాన్నీ ఎలుగుబంటినీ చంపానని సౌలుతో చెప్పాడు కదా, ఆ కాపరి చేతిలో ఉండాల్సిన కర్ర. సాయంత్రం మందను ఆ కర్ర కిందుగా ఒక్కొక్కటిగా నడిపించి లెక్క చూసుకునేవాళ్లు. దండం పొడుగాటిది, ఆనుకుని నిలబడడానికి. హెబ్రీలో ఆ మాటకు మూలం ఆనుకోవడమే.

చీకట్లో గొర్రెకు కాపరి ముఖం కనపడదు. రాతి మీద కర్ర తగిలే చప్పుడు మాత్రం వినిపిస్తుంది. దేవుడు కనిపించడం లేదు, వినిపించడం లేదు అని మీకు అనిపిస్తుంటే, చప్పుడు ఎక్కడ వినిపించిందో వెతకండి. అక్కకు అది రోజూ ఎవరో ఒకరు తెచ్చిపెట్టిన టిఫిన్ క్యారియర్ చప్పుడు. "ఆదరించును" అన్న మాటలోంచే మన ఆదరణ కూడికకు ఆ పేరు. కూడిక అయిపోయాక కూడా క్యారియర్ వచ్చింది.

ఇప్పుడు మొదటి వచనానికి రండి: "నాకు లేమి కలుగదు"

అక్క ప్రశ్న ఇదే. జవాబు నాకు ద్వితీయోపదేశకాండం రెండో అధ్యాయం, ఏడో వచనంలో దొరికింది. అరణ్యంలో నలభై ఏళ్లు తిరిగిన ఇశ్రాయేలీయులకు మోషే చెబుతాడు: దేవుడు నీకు తోడై ఉన్నాడు, నీకేమీ తక్కువ కాలేదు. కీర్తనలో "లేమి కలుగదు" అన్న చోట ఉన్న హెబ్రీ క్రియే అక్కడా ఉంది. పక్కనే ఆ "తోడు" కూడా ఉంది.

ఆ నలభై ఏళ్లలో ఏం జరిగిందో తలుచుకోండి. ఐగుప్తు నుంచి వచ్చిన ఒక తరం తరమంతా దాదాపుగా ఆ ఇసుకలోనే పోయింది. మిర్యాము పోయింది, అహరోను పోయాడు. సమాధులు తవ్వని కుటుంబం ఉండి ఉండదు. అయినా ఆ జనంతోనే "నీకేమీ తక్కువ కాలేదు" అన్నాడు. కాబట్టి "లేమి కలుగదు" అంటే ఎవరూ చనిపోరని కాదు, ఇంట్లో ఖాళీ ఏర్పడదని కాదు. ఆ ఖాళీతోనే నడవాల్సిన దారిలో, ఆ రోజు నడకకు కావలసింది ఆ రోజు అందుతుందని.

ఇది చెప్పినప్పుడు అక్క చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఆయన లేని లోటు లేదని నేను అననక్కర్లేదన్నమాట" అంది. అననక్కర్లేదు. మీరు కూడా ఈ వచనం చదివేటప్పుడు లోటును దాచి చదవొద్దు. "నా మనిషి లేడు. ఈ రోజుకు నాకు ఏం కావాలి?" అని అడిగి, ఒక్క రోజుకు సరిపడా అడగండి. నెల తరువాతి అద్దె, పిల్లల ఫీజు ఈ వచనంలోకి ఇప్పుడే లాగొద్దు.

"పచ్చికగల చోట్లను ఆయన నన్ను పరుండజేయుచున్నాడు"

వరి కోతలయ్యాక తెనాలి వైపు పొలాల్లోకి గొర్రెల మందలు వస్తాయి. ఎరువు కోసం రైతులు రాత్రిళ్లు మందను తమ చేలో పెట్టించుకుంటారు. నేను చిన్నప్పుడు అక్కడ ఒక రాత్రి గట్టు మీద కూర్చుని చూశాను. చుట్టూ వల కట్టి ఉంది, గొర్రెలన్నీ లోపల ఉన్నాయి, అయినా పడుకోలేదు. దూరంగా కుక్క మొరిగితే మంద మొత్తం ఒక్కసారిగా పక్కకు జరిగింది. కాపరి గొంగళి కప్పుకుని వల చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరిగి, ఏదో గొణుగుతూ నులక మంచం మీద కూర్చున్నాడు. కాసేపటికి ఒకటి ముందు కాళ్లు మడిచింది. తరువాత ఇంకొకటి. చివరికి నెమరు వేసే చప్పుడు తప్ప ఏమీ లేదు.

భయపడిన గొర్రె పడుకోదు. పడుకో అని అరిస్తే అసలు పడుకోదు. "పరుండజేయుచున్నాడు" అంటే కాపరి అక్కడ తిరుగుతూ ఉండడం వల్ల దానికి ఒళ్లు వాలుతుందన్నమాట.

దుఃఖంలో నిద్ర, తిండి ముందు పోతాయి. ఈ వచనాన్ని పగలు కాకుండా పడుకునే ముందు చదవండి. చదివాక ఫోన్ పక్క గదిలో పెట్టండి. నిద్ర రాకపోయినా ఒళ్లు వాల్చండి. వీలైతే ఇంట్లో ఒకరిని మీరు నిద్రపోయేదాకా గదిలో కూర్చోమనండి, ఆ అలికిడి కూడా కాపరి పనిలో భాగమే. వారాల తరబడి నిద్ర లేకపోయినా, అన్నం సహించకపోయినా, "నేను కూడా పోతే బాగుండు" అనిపించినా కీర్తన ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బులు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు.

"శాంతికరమైన జలములయొద్ద" అన్నది మనలో కొందరికి అంత తేలిగ్గా చదవబుద్ధి కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు పోయాయి. ఆ రోజుల్లోనే బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లు మునిగాయి. డాబా మీద రాత్రులు గడిపినవాళ్లకు నీళ్లంటేనే ఒళ్లు జలదరిస్తుంది. హెబ్రీలో ఉన్నది "విశ్రాంతి నీళ్లు". గొర్రె పారే వరద దగ్గరికి పోదు, బెదురుతుంది. కాపరి దాని బెదురు తెలిసినవాడు కాబట్టే కదలని నీళ్ల దగ్గరికి తీసుకెళ్తాడు. మీకు ఏ నీళ్లు భయమో ఆయనకు తెలుసు. ఈ ముక్క ఇబ్బందిగా ఉంటే వదిలేసి ముందుకు పోండి.

"తన నామమునుబట్టి"

"ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే బతికేవాడేమో." "ఆ రోజు నేను ప్రార్థన చేయకుండా నిద్రపోయాను." పోయినవాళ్లున్న ఇంట్లో ఈ మాటలు గోడలకు అంటుకుని ఉంటాయి. అలాంటప్పుడు ఈ చిన్న ముక్క దగ్గర ఆగండి. ఆయన నడిపించేది తన పేరును బట్టి. మీరు ఎంత బాగా చూసుకున్నారు, ఎన్నిసార్లు ఉపవాసం ఉన్నారు అన్నదాన్ని బట్టి కాదు. గొర్రె తెలివిని చూసి ఎవరూ కాపరిని మెచ్చుకోరు. మంద ఇల్లు చేరిందా లేదా అన్నది కాపరి పరువు. ఆ పరువు బాధ్యత ఆయనదే. "సేదదీర్చుచున్నాడు" అన్న చోట ఉన్న హెబ్రీ క్రియకు వెనక్కి తీసుకురావడం అనే అర్థం కూడా ఉంది. "ఇలా చేసి ఉంటే" అన్న ఆలోచనల్లోకి తప్పిపోయిన ప్రాణాన్ని వెనక్కి తెచ్చేది ఆయనే.

"నూనెతో నా తల అంటియున్నావు"

అయిదో వచనం "నా శత్రువులయెదుట నీవు నాకు భోజనము సిద్ధపరచుదువు" అని మొదలవుతుంది. ఇక్కడ గొర్రె కనపడదు. ఇప్పుడు మీరు ఒకరి ఇంట్లో అతిథి. బయట శత్రువులు ఇంకా నిలబడే ఉన్నారు, పోలేదు. అయినా లోపల విస్తరి వేశారు. శత్రువు అంటే మనిషే కానక్కర్లేదు. అక్కకు అది సాయంత్రం ఏడున్నర. ఆ టైముకే ఆమె చెల్లెలు పళ్లెం పెట్టి ఎదురుగా కూర్చునేది. ఏడున్నర పోలేదు, దాని ఎదుటే నాలుగు ముద్దలు లోపలికి పోయాయి.

నూనె అనగానే రాజుగా అభిషేకించడం అనుకుంటారు. ఇక్కడ ఉన్న హెబ్రీ మాట అభిషేకపు మాట కాదు. ఇంటికి వచ్చిన అతిథి తలకు నూనె రాయడం ఇది. ఆ కాలంలో దుఃఖంలో ఉన్నవాళ్లు తలకు నూనె రాసుకునేవాళ్లు కాదు. రెండో సమూయేలు పధ్నాలుగో అధ్యాయంలో దుఃఖంలో ఉన్నదానిలా నటించాల్సిన స్త్రీకి నూనె పూసుకోవద్దని చెబుతారు. అలాంటి తలకు ఇక్కడ వేరొకరు నూనె రాస్తున్నారు. మన అనువాదకులు "తల అంటియున్నావు" అన్నారు. తలంటు అంటే ఏమిటో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. పీట మీద కూర్చుంటే అమ్మ మాడు మీద నూనె వేసి అరచేత్తో అద్దడం. మనకు మనమే చేసుకుంటే అది తలంటు కాదు.

అందుకని ఈ ముక్క చదివి ఊరుకోవద్దు. మీకు దగ్గరివాళ్లను తలకు నూనె రాయమని అడగండి. అక్క నెలన్నర తరువాత అడిగింది. చెల్లెలు కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి రాస్తుంటే, కూడికలో కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

"కృపాక్షేమములే నా వెంట వచ్చును"

"వెంట వచ్చును" అన్నది మెత్తగా వినిపిస్తుంది. హెబ్రీలో అది తరమడం. ఫరో సైన్యం ఇశ్రాయేలీయులను తరిమిందన్న చోట కూడా ఆ క్రియే ఉంది. దుఃఖంలో మనల్ని ఎప్పుడూ ఏదో తరుముతున్నట్టే ఉంటుంది. వెనక్కి తిరిగి చూస్తే వస్తున్నది కృప, క్షేమం అంటున్నాడు. ఇది ఇప్పుడే నమ్మబుద్ధి కాకపోతే చదివి పక్కన పెట్టండి. ఆరు నెలల తరువాత ఈ ముక్క వేరేలా వినిపిస్తుంది.

"చిరకాలము యెహోవా మందిరములో నేను నివాసము చేసెదను"

హెబ్రీ అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు చదివితే ఇక్కడ "తిరిగి వస్తాను" అని కూడా వస్తుంది. నేను అక్కకు ఆ అర్థమే చెప్పాను, ఎందుకంటే ఆమె గుడికి వెళ్లడం మానేసింది. మా గుడిలో ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు కూర్చుంటారు. తన చోట కూర్చుంటే ఆయన కూర్చునే చోటు సూటిగా కనపడుతుంది. మీకూ అలా ఉంటే ఆరాధన మొత్తం ఉండాలని పెట్టుకోవద్దు, మీ పాత చోటులోనే కూర్చోవాలనీ లేదు. మొదటి ఆదివారం అక్క గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. రెండో వారం వెనక బల్ల మీద, తలుపు పక్కన కూర్చుని, పాట మొదలవగానే లేచింది. నాలుగో వారం వాక్య పఠనం దాకా ఉంది. ఆ రోజు చదివింది ఈ కీర్తన కాదు. ఇంటికి వచ్చి దీన్ని తనే తీసి, నాలుగో వచనం మొదట చదువుకుని, తరువాత ఒకటో వచనం చదివానని నాకు ఫోన్ చేసి చెప్పింది.